మైనస్ గుర్తు ఒకటే, రాసే పద్ధతులు వేరు: కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పరీక్షలో −37.625

క్లుప్తంగా: పూర్ణాంకాల్లో మైనస్ సంఖ్యను టూస్ కాంప్లిమెంట్‌లో రాస్తారు, అంటే బిట్లన్నీ తిప్పి ఒకటి కలుపుతారు. ఫ్లోటింగ్ పాయింట్‌లో మైనస్ కోసం మొదటి బిట్ ఒక్కటే మారుతుంది, మిగతావి ప్లస్ సంఖ్యకు ఎలా ఉంటాయో అలాగే ఉంటాయి. రెండు మీద ఉండే ఘాతానికి, అంటే ఎక్స్‌పోనెంట్‌కు, మూడో పద్ధతి ఉంది: 127 కలిపి రాయడం. పరీక్షలో పోయే మార్కుల్లో చాలావరకు ఈ మూడింటిలో ఒక దాని నియమాన్ని ఇంకోదానికి వాడడం వల్లే పోతాయి.

సెమిస్టర్ పరీక్షల రోజుల్లో హనుమకొండలోని ఏ పరీక్షా కేంద్రం గేటు దగ్గర నిలబడినా, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పేపర్ అయిపోగానే వినిపించే సంభాషణ ఇంచుమించు ఇలా ఉంటుంది.

"ఆ ఫ్లోటింగ్ పాయింట్ లెక్కల మాంటిస్సాను తిప్పినవా?"

"మైనస్ ఉన్నది కదరా, తిప్పాలె కదా."

"నేనైతే తిప్పలే."

ఆ తర్వాత ఇద్దరికీ టెన్షన్. ఎవరిది రైటో తేలేలోపు పరకాల బస్సు వచ్చేస్తుంది.

తిప్పనివాళ్లదే రైటు. కానీ తిప్పినవాళ్లది తెలివితక్కువ తప్పు కాదు. అంతకు ముందు యూనిట్‌లో వాళ్లకు నేర్పిందే వాళ్లు చేశారు. సిలబస్‌లో ముందు టూస్ కాంప్లిమెంట్ వస్తుంది, దాని మీద నాలుగైదు లెక్కలు చేయిస్తారు, చెయ్యి అలవాటు పడుతుంది. తర్వాత ఫ్లోటింగ్ పాయింట్ వచ్చేసరికి మైనస్ గుర్తు కనబడితే చాలు, చెయ్యి దానంతట అదే బిట్లు తిప్పేస్తుంది. ఇక్కడ ఎందుకు తిప్పకూడదో పాఠంలో ఒక్క వాక్యంతో దాటేస్తారు. ఆ వాక్యం వెనక ఏముందో ఒకే సంఖ్యతో చూడవచ్చు. ఆ సంఖ్య −37.625.

## పాత స్కూటర్ మీటరు

ముందు భిన్నం వదిలేసి −37 చూద్దాం. పాత స్కూటర్లలో కిలోమీటర్ల మీటరు పళ్ల చక్రాలతో తిరిగేది. నాలుగు అంకెల మీటరు 0000 దగ్గర ఉందనుకుందాం. దాన్ని 37 కిలోమీటర్లు వెనక్కి తిప్పితే 9963 చూపిస్తుంది. అంటే ఆ మీటరు మీద −37 కు 9963 అనే రూపం ఉంది. ఇప్పుడు బండి 50 కిలోమీటర్లు ముందుకు నడిస్తే 9963 కాస్తా 10013 కావాలి. కానీ ఐదో అంకెకు చోటు లేదు, కాబట్టి 0013 చూపిస్తుంది. 50లోంచి 37 తీసేస్తే 13. మీటరుకు తీసివేత రాదు, ముందుకు తిరగడం ఒక్కటే వచ్చు. అయినా జవాబు సరిగ్గా వచ్చింది.

టూస్ కాంప్లిమెంట్ అంటే ఇదే, అంకెలు మాత్రం పది కాకుండా రెండు. 8 బిట్ల మీటరు 256 దగ్గర తిరిగి సున్నాకు వస్తుంది. కాబట్టి −37 కు రూపం 256 − 37 = 219, బైనరీలో 11011011.

మరి తిప్పి ఒకటి కలపడం ఎక్కడి నుంచి వచ్చింది? 256లోంచి తీసివేయాలంటే అప్పు తెచ్చుకోవాలి, అది కష్టం. 255 అయితే బైనరీలో ఎనిమిదీ ఒకట్లే. ఒకట్లలోంచి ఏ సంఖ్యను తీసివేసినా అప్పు అవసరం రాదు, 1 ఉన్నచోట 0, 0 ఉన్నచోట 1 వస్తుందంతే. బిట్లు తిప్పడం అంటే 255లోంచి తీసివేయడం. 255కూ 256కూ ఉన్న తేడా ఒకటి, దాన్ని చివర్లో కలుపుతారు.

```
 37        0 0 1 0 0 1 0 1
తిప్పితే    1 1 0 1 1 0 1 0     (255 - 37 = 218)
+1         1 1 0 1 1 0 1 1     (256 - 37 = 219)  = హెక్స్‌లో DB
```

సరిచూసుకోవడానికి మళ్లీ తిప్పాల్సిన పని లేదు. మొదటి బిట్‌కు విలువ −128 అనీ, మిగతావాటికి మామూలు విలువలే అనీ అనుకుని కూడితే చాలు: −128 + 64 + 16 + 8 + 2 + 1 = −37. తిప్పే పద్ధతిలో చేసి, కూడే పద్ధతిలో చూసుకుంటే ఒకే తప్పు రెండుసార్లు జరిగే అవకాశం తక్కువ.

దీని వల్ల హార్డ్‌వేర్‌కు మిగిలేది ఏమిటంటే, కూడికకూ తీసివేతకూ ఒకే కూడిక సర్క్యూట్, అంటే అడ్డర్, సరిపోతుంది. గుర్తులు చూసి ఏం చేయాలో తేల్చుకునే పని ఉండదు. 1945లో ఎడ్వాక్ యంత్రం గురించి జాన్ వాన్ న్యూమన్ రాసిన నివేదికలోనే ఈ పద్ధతి ఉంది. 1964లో ఐబీఎం తెచ్చిన సిస్టమ్/360 పూర్ణాంకాలకు దీన్నే తీసుకుంది. ఆ తర్వాత మెల్లగా పోటీ పద్ధతులు పక్కకు పోయాయి.

## ఒక మాటకు రెండు అర్థాలు

అసలు తికమక ఇక్కడే మొదలవుతుంది. టూస్ కాంప్లిమెంట్ అనే మాటను రెండు అర్థాల్లో వాడతారు. ఒకటి పని, రెండోది రాసే పద్ధతి. "37 టూస్ కాంప్లిమెంట్ కనుక్కోండి" అంటే పని చెయ్యమని, జవాబు 11011011. "37ను టూస్ కాంప్లిమెంట్ పద్ధతిలో రాయండి" అంటే జవాబు 00100101, తిప్పకుండా ఉన్నదున్నట్టు. ప్లస్ సంఖ్యకు ఆ పద్ధతిలో ఏ మార్పూ ఉండదు. ప్రశ్నల్లో ఒక్క విభక్తి తేడాతో జవాబు మారిపోతుంది. ఇంగ్లిష్ ప్రశ్నలోనూ అంతే, అక్కడ తేడా చిన్న పదంలో ఉంటుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు దాన్ని చదవకుండానే దాటేస్తే వాళ్లను తప్పుపట్టలేం.

ఈ తేడా పట్టుకున్నవాళ్లకు తర్వాతి అధ్యాయం తేలిక. బిట్లు తిప్పడం అన్నది మైనస్ గుర్తుకు పుట్టుకతో వచ్చిన లక్షణం కాదు. అది ఒక రాసే పద్ధతికి చెందిన పని. పద్ధతి మారితే ఆ పని ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

## భిన్నం ఉన్నా తిప్పే చోటు ఒకటుంది

భిన్నం వచ్చింది కాబట్టి తిప్పకూడదు అని కొందరు గుర్తుపెట్టుకుంటారు. అదీ సరికాదు. ఫిక్స్‌డ్ పాయింట్ పద్ధతిలో భిన్నం ఉన్నా తిప్పాల్సిందే. 16 బిట్లలో మొదటి 8 పూర్ణ భాగానికి, తర్వాతి 8 భిన్న భాగానికి ఇచ్చారనుకుందాం. అక్కడ పాయింట్ కదలదు, ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది. నిజానికి అది 256తో గుణించి దాచిన పూర్ణాంకమే, కాబట్టి పూర్ణాంకాల నియమమే దానికీ వర్తిస్తుంది.

```
 37.625      00100101 . 10100000
తిప్పితే      11011010 . 01011111
+1           11011010 . 01100000    = DA60
```

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఎడమవైపు 11011010 విడిగా చదివితే −37 కాదు, −38. కుడివైపు 0.375. రెండూ కలిపితే −38 + 0.375 = −37.625. జవాబు సరైనదే, కానీ చూడగానే తప్పు చేశామేమో అనిపిస్తుంది. అలా అనుమానపడి పూర్ణ భాగాన్ని విడిగా, భిన్న భాగాన్ని విడిగా తిప్పి ఒకటేసి కలిపేవాళ్లు ఉన్నారు. అప్పుడు 11011011.01100000 వస్తుంది, అంటే −37 + 0.375 = −36.625. సరిగ్గా ఒకటి తేడా. ఒకటి కలపడమన్నది మొత్తం 16 బిట్ల చివర ఒక్కసారే జరగాలి. పాయింట్ మనకు కనబడుతుంది గానీ అడ్డర్‌కు కనబడదు.

## ఫ్లోటింగ్ పాయింట్‌లో అదే సంఖ్య

ఇప్పుడు ఐ ట్రిపుల్ ఈ 754 అనే ఫ్లోటింగ్ పాయింట్ ప్రమాణం ప్రకారం 32 బిట్ల సింగిల్ ప్రెసిషన్. 1 బిట్ గుర్తుకు, 8 బిట్లు ఎక్స్‌పోనెంట్‌కు, 23 బిట్లు పాయింట్ తర్వాతి అంకెలకు, అంటే మాంటిస్సాకు. మొదట చేయాల్సింది మైనస్‌ను పక్కన పెట్టడం. గుర్తు బిట్ 1 అని రాసేసి, ఇక ఆ లెక్క అయ్యేదాకా మైనస్ ఉందన్న సంగతే మర్చిపోవాలి. మాటవరసకు కాదు, నిజంగానే ఈ పద్ధతి అలాగే కట్టారు.

37 కోసం రెండుతో భాగిస్తూ శేషాలను కింది నుంచి పైకి చదివితే 100101. 0.625 కోసం రెండుతో గుణిస్తూ పూర్ణ భాగాలను పై నుంచి కిందికి చదవాలి: 1.25 నుంచి 1, మిగిలిన 0.25 రెట్టింపు 0.5 నుంచి 0, మళ్లీ రెట్టింపు 1.0 నుంచి 1. అంటే .101. ఒకటి కింది నుంచి, ఇంకొకటి పై నుంచి చదవాలి. హాల్లో తొందరలో ఈ దిశ తారుమారైన జవాబులూ చాలానే ఉంటాయి. 101లాంటి సంఖ్య ఎటు చదివినా ఒకటే కాబట్టి ఈ లెక్కలో భిన్న భాగం దగ్గర ఆ తప్పు బయటపడదు, అదృష్టం.

```
37.625 = 100101.101
       = 1.00101101 x 2^5

గుర్తు          1
ఎక్స్‌పోనెంట్    5 + 127 = 132 = 10000100
మాంటిస్సా       00101101000000000000000

1 10000100 00101101000000000000000
1100 0010 0001 0110 1000 0000 0000 0000
C    2    1    6    8    0    0    0
```

జవాబు C2168000. ప్లస్ 37.625 అయితే మొదటి బిట్ 0 అయ్యేది, హెక్స్‌లో 42168000. రెండింటికీ తేడా మొదటి అంకె ఒక్కటే.

మాంటిస్సాలో పాయింట్‌కు ముందున్న 1 రాయలేదు. సున్నా తప్ప మామూలు సంఖ్య ఏదైనా ఈ రూపంలోకి తెస్తే ముందు 1 తప్పనిసరిగా వస్తుంది. తప్పనిసరిగా వచ్చేదాన్ని దాచడానికి బిట్ ఖర్చెందుకు అని వదిలేశారు. 23 బిట్ల చోటులో 24 బిట్ల కచ్చితత్వం వస్తుంది. ఎక్స్‌పోనెంట్ గడిలో అన్నీ సున్నాలో, అన్నీ ఒకట్లో ఉన్నప్పుడు మాత్రం నియమాలు వేరు. ఆ రెండింటినీ సున్నా, అతి చిన్న సంఖ్యలు, అనంతం వంటివాటికి కేటాయించారు.

## తప్పు చేస్తే ఏ సంఖ్య రాసినట్టు?

తప్పు జవాబు కూడా ఏదో ఒక సంఖ్యకు సరైన రూపమే. అది ఏ సంఖ్యో చూస్తే తప్పు ఎంత పెద్దదో తెలుస్తుంది.

గేటు దగ్గర మాట్లాడిన విద్యార్థిలా మాంటిస్సాను తిప్పి ఒకటి కలిపితే 00101101 కాస్తా 11010011 అవుతుంది, మిగతావి సున్నాలే. దాన్ని చదివితే 1.11010011 × 2^5, అంటే 111010.011, అంటే 58.375. గుర్తు బిట్ ఎలాగూ 1 ఉంది. కాబట్టి −37.625 అడిగితే −58.375 రాసినట్టు.

దాచాల్సిన 1ని మాంటిస్సాలో రాసేసినవాళ్ల గడిలో 100101101 ఉంటుంది. చదివేవాళ్లు దాని ముందు ఇంకో 1 పెట్టుకుంటారు: 1.100101101 × 2^5 = 110010.1101. అంటే −50.8125.

127 కలపడం మర్చిపోయి ఎక్స్‌పోనెంట్‌లో 00000101 అనే రాస్తే, చదివేటప్పుడు 5లోంచి 127 తీసేస్తారు. ఎక్స్‌పోనెంట్ −122 అవుతుంది. సంఖ్య సున్నాకు దాదాపు అంటుకుపోతుంది. మూడింటిలోనూ ఇదే పెద్ద తప్పు. కానీ దీన్నే సులువుగా పట్టుకోవచ్చు. గుర్తు వదిలేసి చూస్తే సంఖ్య 2 గానీ అంతకంటే పెద్దది గానీ అయితే ఎక్స్‌పోనెంట్ గడి తప్పకుండా 1తో మొదలవ్వాలి. 00000101 చూడగానే ఏదో తేడా ఉందని అనిపించాలి.

## ఫ్లోటింగ్ పాయింట్‌లో ఎందుకు తిప్పరు?

టూస్ కాంప్లిమెంట్ అంత బాగుంటే ఇక్కడా అదే వాడొచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. వాడిన యంత్రాలూ ఉన్నాయి. పీడీపీ-10 అనే పాత కంప్యూటర్‌లో మైనస్ ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలను మొత్తం పదాన్ని తిప్పే రాసేవారు. కాబట్టి అది అసాధ్యమేమీ కాదు. 1985లో ఐ ట్రిపుల్ ఈ 754 వచ్చినప్పుడు ఎంచుకున్నది మాత్రం గుర్తు వేరుగా, పరిమాణం వేరుగా ఉండే పద్ధతి. ఆ ప్రమాణం వెనక ముఖ్యుడు విలియం కహాన్. ఈ రంగంలో చేసిన పనికి ఆయనకు 1989లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

కారణం కూడికలో ఉంది. పూర్ణాంకాల్లో టూస్ కాంప్లిమెంట్ లాభమంతా రెండు సంఖ్యలను నేరుగా అడ్డర్‌లోకి పంపగలగడంలోనే ఉంది. ఫ్లోటింగ్ పాయింట్‌లో అలా పంపడం ఎలాగూ కుదరదు. 37.625కు 0.5 కలపాలంటే ముందు ఎక్స్‌పోనెంట్లు పోల్చాలి, చిన్నదాన్ని కుడికి జరపాలి, అప్పుడు కూడాలి, మళ్లీ పాయింట్‌ను మొదటి 1 పక్కకు తేవాలి, చివర్లో రౌండ్ చేయాలి. ఇన్ని పనుల మధ్య గుర్తులు చూసుకోవడం అదనపు భారంగా అనిపించదు. ఇక గుణకారంలోనైతే గుర్తు వేరుగా ఉండడమే సుఖం. పరిమాణాలు గుణిస్తారు, ఎక్స్‌పోనెంట్లు కూడతారు, గుర్తు బిట్లు రెండూ వేరైతే 1, ఒకటే అయితే 0. మైనస్‌ను ప్లస్ చేయాలంటే ఒక్క బిట్ మారిస్తే చాలు.

దాచిన 1 కూడా ఈ ఎంపికతోనే ఇంత తేలికగా కుదిరింది. పరిమాణాన్ని ఎప్పుడూ ప్లస్ సంఖ్యగానే ఉంచితే ముందు 1 ఉంటుందన్న హామీ అన్ని సంఖ్యలకూ ఒకేలా పనిచేస్తుంది. తిప్పిన మాంటిస్సాలో మైనస్ సంఖ్యలకు ఆ హామీ వేరేలా రాసుకోవాల్సి వచ్చేది.

దీనికి చెల్లించిన ధర ఒకటుంది: +0, −0 అని రెండు సున్నాలు మిగిలాయి. పూర్ణాంకాల టూస్ కాంప్లిమెంట్‌లో సున్నా ఒక్కటే, బదులుగా అక్కడ −128కు జోడీగా +128 ఉండదు. ఏ పద్ధతిలోనైనా ఎక్కడో ఒకచోట బరువు ఒకవైపు ఒరుగుతుంది.

## ఎక్స్‌పోనెంట్‌కు 127 ఎందుకు?

ఎక్స్‌పోనెంట్‌కూ మైనస్ విలువలు వస్తాయి. 0.09375 తీసుకుంటే బైనరీలో 0.00011, అంటే 1.1 × 2^−4. ఇక్కడ −4ను టూస్ కాంప్లిమెంట్‌లో రాయాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. గుర్తు బిట్ దగ్గర తప్పు చేయనివాళ్లు కూడా ఇక్కడ దొరికిపోతారు. −4కు టూస్ కాంప్లిమెంట్ 11111100. చదివేవాళ్లకు అది 252, అందులోంచి 127 తీస్తే 125. పదో వంతు కూడా లేని సంఖ్య 1.5 × 2^125 అయి కూర్చుంటుంది. అంటే 6 పక్కన 37 సున్నాలు పెట్టినంత. సరైన రూపం −4 + 127 = 123, బైనరీలో 01111011. మొత్తం సంఖ్య 3DC00000.

127 కలపడం వెనక ఉద్దేశం పోలిక. రెండు ప్లస్ సంఖ్యల్లో ఏది పెద్దదో తేల్చాలంటే వాటి 31 బిట్లను మామూలు పూర్ణాంకాల్లా ఎడమ నుంచి పోల్చితే సరిపోవాలి. ఎక్స్‌పోనెంట్ ముందు ఉంది కాబట్టి అది పెద్దదైన సంఖ్యే పెద్దది. 123 కంటే 132 పెద్దది, 0.09375 కంటే 37.625 పెద్దది, లెక్క కుదిరింది. అదే ఎక్స్‌పోనెంట్‌ను టూస్ కాంప్లిమెంట్‌లో రాసి ఉంటే 11111100 కంటే 00000101 చిన్నదిగా కనబడేది, చిన్న సంఖ్య పెద్దదైపోయేది. 127 కలపడం అంటే స్కేలు మీద సున్నా గీతను జరపడం. గుర్తు ఏమీ లేకుండా, వరస చెడకుండా, మైనస్ విలువలన్నీ ప్లస్‌లోకి వస్తాయి. రెండు మైనస్ సంఖ్యల దగ్గర మాత్రం పోలిక తలకిందులవుతుంది. బిట్లు పెద్దగా ఉన్నది ఇంకా కిందికి ఉంటుంది.

## భిన్నం తెగకపోతే

37.625 మంచి సంఖ్య, మూడు అడుగుల్లో తెగిపోయింది. 0.1 అలా తెగదు. రెట్టింపు చేస్తూ పోతే 0.2, 0.4, 0.8, 1.6, 1.2, మళ్లీ 0.4. అక్కడి నుంచి అదే చక్రం. పది రూపాయల్లో ముగ్గురికి సమాన వాటా ఇవ్వబోతే 3.33 దగ్గర ఎలా ఆగదో, బైనరీలో 0.1 అలా ఆగదు. కొట్టివేతలన్నీ అయ్యాక హరంలో రెండు తప్ప వేరే కారణాంకం మిగిలిన భిన్నం ఏదైనా ఇంతే.

```
0.1 = 1.1001 1001 1001 1001 1001 100 | 1 1001 ... x 2^-4
                       23 బిట్లు ఇక్కడికి ^
రౌండ్ చేస్తే  1001 1001 1001 1001 1001 101
జవాబు        3DCCCCCD
```

గీత తర్వాత 1, ఆ వెనక ఇంకా ఒకట్లు ఉన్నాయి. మిగిలింది సగం కంటే ఎక్కువ కాబట్టి పైకి రౌండ్ చేయాలి, చివరి అంకె C కాకుండా D అవుతుంది. 23 బిట్ల దగ్గర కత్తిరించి వదిలేస్తే 3DCCCCCC వస్తుంది. కత్తిరించమని ప్రశ్నలో చెప్పకపోతే దగ్గరి విలువకు రౌండ్ చేయడమే ప్రమాణం చెప్పే మామూలు పద్ధతి.

## రెండు పద్ధతుల మధ్య దాటేటప్పుడు

ఫ్లోటింగ్ పాయింట్ నుంచి పూర్ణాంకానికి మార్చేటప్పుడు బిట్లు అలాగే రావు, విలువ మారుతుంది. సీ భాషలో −37.625ను పూర్ణాంకంగా మారిస్తే భిన్నం తెగిపోయి −37 మిగులుతుంది, −38 కాదు. ఫిక్స్‌డ్ పాయింట్‌లో ఎడమ 8 బిట్లు మాత్రం తీసుకుంటే −38 వచ్చిన సంగతి పైన చూశాం. ఒకే సంఖ్య, భిన్నం వదిలేయడం అన్నదీ ఒకే పని, జవాబులు రెండు.

విలువ ఆ పూర్ణాంకంలో పట్టకపోతే ఇంకా ఘోరం. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయాణం సుమారు 40 సెకన్లకే ముగిసింది. 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ విలువ ఒకదాన్ని గుర్తున్న 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోతే, 32767 దాటిన ఆ విలువ అందులో పట్టలేదు. ఏరియన్ 4లో ఆ విలువ అంత పెరిగేది కాదు కాబట్టి అదే సాఫ్ట్‌వేర్ అక్కడ బాగానే నడిచింది.

ఇక విలువను మార్చకుండా బిట్లనే తీసుకెళ్లి పూర్ణాంకంగా చదివితే ఏం కనబడుతుందో ల్యాబ్‌లో చిన్న ప్రోగ్రామ్‌తో చూడొచ్చు.

```c
#include <stdio.h>
#include <string.h>

int main(void) {
    float f = -37.625f;
    int n;
    memcpy(&n, &f, sizeof n);
    printf("%08X %d\n", (unsigned)n, n);
    return 0;
}
```

మామూలు కంప్యూటర్ మీద ఇది `C2168000 -1038712832` అని చూపిస్తుంది. మొదటిది చేతితో చేసిన జవాబే. రెండోది అవే 32 బిట్లను టూస్ కాంప్లిమెంట్‌గా చదివితే వచ్చేది, మైనస్ 103 కోట్ల పైచిలుకు. ఆ బిట్లలో ఎక్కడా ఇది ఫ్లోటింగ్ పాయింట్ అని రాసి ఉండదు. ఎలా చదవాలో నిర్ణయించేది వాడే ఇన్‌స్ట్రక్షన్.

## హాల్లో సరిచూసుకోవడం

సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌ను అనుమతించే చోట కూడా దాని మీద పూర్తిగా ఆధారపడలేం. బైనరీ, హెక్స్ చూపించే బేస్ మోడ్ పూర్ణాంకాలకే పనిచేస్తుంది, భిన్నాన్ని తీసుకోదు. మైనస్ సంఖ్య ఇస్తే టూస్ కాంప్లిమెంట్‌లోనే చూపిస్తుంది, అది కూడా ఆ మోడల్‌లో ఎన్ని బిట్లుంటే అన్ని బిట్లలో. ప్రశ్న 8 బిట్లు అడిగితే ఎడమవైపున్న అదనపు ఒకట్లు తీసేసి చివరి ఎనిమిదే రాసుకోవాలి. దీన్నే తిరగేస్తే, −37ను 8 నుంచి 16 బిట్లకు పెంచేటప్పుడు ముందు ఒకట్లు నింపాలి, FFDB కావాలి. సున్నాలు నింపితే 00DB అవుతుంది, అది 219. ఫ్లోటింగ్ పాయింట్ మాంటిస్సాలో మాత్రం నింపే సున్నాలు కుడివైపు వస్తాయి.

ఫ్లోటింగ్ పాయింట్‌కు నమ్మదగ్గ పరీక్ష వెనక్కి చదవడమే. C2168000 రాశాక రఫ్ కాలమ్‌లో 1, 8, 23గా గీతలు కొట్టాలి. 10000100 అంటే 132, అందులోంచి 127 పోతే 5. మాంటిస్సా ముందు 1 పెట్టి, పాయింట్‌ను ఐదు స్థానాలు కుడికి జరిపితే 100101.101. అంటే 32 + 4 + 1, ఆపైన సగం, దాని పక్కన ఎనిమిదో వంతు. గుర్తు బిట్ 1. మొత్తం −37.625. రెండు నిమిషాల పని కూడా కాదు. మాంటిస్సాను తిప్పినవాళ్లకు ఇక్కడ 58 కనబడుతుంది, దిద్దుకోవడానికి పేపర్ ఇంకా చేతిలోనే ఉంటుంది.